మూడో కాపీ వెలవెలబోవడానికి కారణం రిబ్బన్ కాదు: డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో హెడ్ గ్యాప్ సంగతి

ప్రశ్న: మాది గాజువాక ఆటోనగర్‌లో హార్డ్‌వేర్ షాపు అండీ. ఎప్సన్ ఎల్‌ఎక్స్-310 మీద మూడు కాపీల కార్బన్ బిల్లులు కొడతాం. పోయిన వారం కొత్త రిబ్బన్ వేశాక పై కాపీ నల్లగా బాగానే వస్తోంది, రెండోది పర్వాలేదు, మూడోది మాత్రం చదవలేకపోతున్నాం. ఇంకో రిబ్బన్ మార్చినా అంతే. హెడ్ పోయింది, మార్చాలి అంటున్నారు. నిజమేనా?

సమాధానం:

హెడ్ మార్చే తొందర వద్దండీ. మీరు రాసిన లక్షణాలు చూస్తే ముందు అనుమానించాల్సింది హెడ్‌కూ కాగితం వెనకున్న రోలరుకూ మధ్య ఖాళీని మార్చే హెడ్ గ్యాప్ లీవర్‌ని, తర్వాత కాగితాన్ని. హెడ్ వంతు చివర్లో వస్తుంది.

ఈ ప్రింటర్‌లో పై కాపీకి, కింది కాపీలకు అక్షరం వచ్చే దారులు వేరు. పై కాపీ మీద పడేది రిబ్బన్ సిరా. రెండో, మూడో కాపీల మీద పడేది మధ్యలో ఉన్న కార్బన్ పూత. రిబ్బన్ సిరా పై కాగితం దాటి కిందికి దిగదు. కాబట్టి రిబ్బన్ ఎంత కొత్తదైనా, ఎంత ఖరీదైనదైనా మూడో కాపీ నలుపు పెరగదు. దానికి కావాల్సింది పిన్ను దెబ్బ.

ఆ దెబ్బకు ఒక హద్దుంది. హెడ్‌లో తొమ్మిది పిన్నులు ఉంటాయి. ఒక్కో పిన్నుకు ఒక చిన్న కాయిల్. కరెంటు అందగానే పిన్ను ముందుకు దూసుకొచ్చి, రిబ్బన్‌ని కాగితానికేసి కొట్టి, వెంటనే వెనక్కి పోతుంది. అది కదిలే దూరమూ, కొట్టే బలమూ ఇంతేనని కంపెనీలోనే ఖాయమైపోయాయి. హెడ్ ముక్కుకూ, వెనకున్న రబ్బరు రోలరుకూ మధ్య ఖాళీ ఎక్కువగా ఉంటే పిన్ను కాగితాన్ని చేరేసరికే దాని సత్తువ చాలా వరకు అయిపోతుంది. రిబ్బన్ గుడ్డ కాగితానికి తగిలితే చాలు కాబట్టి పై కాపీలో తేడా పెద్దగా కనబడదు. కానీ కార్బన్ అంటుకోవాలంటే గట్టిగా నొక్కుకోవాలి. మొదటి కాగితం కొంత దెబ్బను మింగుతుంది, మొదటి కార్బన్ ఇంకొంత, రెండో కాగితం ఇంకొంత. పొరలు దాటేకొద్దీ చుక్క వెడల్పవుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. అందుకే గ్యాప్ కాస్త పెరిగినా ముందుగా పోయేది మూడో కాపీయే.

దీన్నిబట్టి కాపీలు మూడూ విడదీసి పక్కపక్కన పెడితే తప్పు ఎటువైపుందో చాలావరకు తెలిసిపోతుంది. పై కాపీ వెలసి, కిందివి బాగుంటే రిబ్బన్. పైది బాగుండి కిందివి వెలిస్తే గ్యాప్ లేదా కాగితం. మూడూ ఒకేలా వెలిస్తే గ్యాప్ మరీ ఎక్కువైనా అయ్యుండాలి, లేదా రిబ్బన్ కూడా అరిగి ఉండాలి. అక్షరాల్లో ఎప్పుడూ ఒకే ఎత్తులో సన్నటి తెల్ల గీత అడ్డంగా వస్తుంటే ఒక పిన్ను విరిగిందని గానీ, ఇరుక్కుందని గానీ అర్థం. అది వేరే జబ్బు, మీరు చెప్పినదానితో సంబంధం లేదు.

మరి రిబ్బన్ మార్చాకే ఎందుకు మొదలైంది? పాత రిబ్బన్ తీసేటప్పుడు చేతికి చోటు కోసం హెడ్ గ్యాప్ లీవర్‌ని చివరిదాకా జరుపుతారు. కొత్తది వేశాక దాన్ని వెనక్కి తేవడం మర్చిపోతారు. పై కాపీ కొత్త సిరాతో నల్లగా వస్తుంది కాబట్టి అంతా బాగానే ఉందనిపిస్తుంది. మూడో కాపీని అప్పుడెవరూ తిప్పి చూడరు. మీ ప్రింటర్ కవరు తీసి, లోపల పక్కన అంకెలతో ఉండే లీవర్ ఏ గీత దగ్గరుందో ముందు చూడండి. పెద్ద అంకె దగ్గరుంటే మీ సమస్యలో ఎక్కువ భాగం అక్కడే దొరికినట్టు.

లీవర్ సరిచేసే పద్ధతి చెబుతాను. ఒంటి కాగితానికి 0, ఆపైన ఒక్కో కాపీ పెరిగేకొద్దీ ఒక్కో గీత పెంచడం ఈ తరహా ప్రింటర్లలో మామూలు లెక్క. అంటే మూడు కాపీల సెట్టుకు 2 దగ్గర మొదలుపెట్టాలి. మీ యూజర్ మాన్యువల్‌లో కాగితం రకాన్నిబట్టి పట్టిక ఉంటుంది, దానికీ దీనికీ తేడా వస్తే పట్టికనే నమ్మండి. పరీక్షకు వేరే కాగితం వాడకండి, మీ బిల్లు స్టేషనరీయే ఎక్కించండి. ప్రింటర్ ఆపి, `LF/FF` బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే సెల్ఫ్ టెస్ట్ మొదలై వరసలు వరసలుగా అక్షరాలు కొడుతుంది. చాలనుకున్నప్పుడు `Pause` నొక్కండి. కాపీలు విడదీసి మూడోదాన్ని వెలుతురులో చూడండి. ఇంకా వెలసి ఉంటే లీవర్‌ని ఒక్క గీతే తగ్గించి మళ్లీ కొట్టండి.

ఎక్కడ ఆగాలో పై కాపీయే చెబుతుంది. గ్యాప్ మరీ తగ్గితే రిబ్బన్ గుడ్డ కాగితానికి రాసుకుంటూ పోతుంది, అక్షరాల మధ్య ఖాళీల్లో బూడిదరంగు మరక కనిపిస్తుంది. హెడ్ పక్కలకు కదిలేటప్పుడు కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు వస్తుంది. పేజీలు కలిసే చిల్లుల గీత దగ్గర కాగితం కొంచెం ఉబ్బి ఉంటుంది కదా, అక్కడ హెడ్ ముక్కు తట్టుకుని కాగితం చిరగవచ్చు, పిన్ను కూడా వంగవచ్చు. కాబట్టి మరక లేకుండా, గీసుకోకుండా ఉండే అతి తక్కువ గీత మీది. ఒక పేజీ చూసి తేల్చేయకండి, చిల్లుల గీతలు దాటేలా ఓ పది బిల్లులు వరసగా కొట్టి చూడండి. సెట్టు అంచుల్లో జిగురుతో అతికించినచోట మందం ఎక్కువ ఉంటుంది, తట్టుకుంటే ఆ చోటే తట్టుకుంటుంది. నలుపు కోసమని 0 దగ్గర పెట్టి మూడు కాపీలు కొట్టేవాళ్లు ఉన్నారు. కొన్నాళ్లు బాగానే కొడుతుంది, తర్వాత రిబ్బన్ దారాలు లేచి పిన్నులకు చుట్టుకుంటాయి. హెడ్ నిజంగా పోయేది అలాంటప్పుడే.

మీరు కార్బన్ బిల్లులు అన్నారు కాబట్టి ఒక సంగతి చూసుకోవాలి. నల్ల కార్బన్ కాగితం మధ్యలో పెట్టిన సెట్టూ, కార్బన్ లేకుండా నొక్కితే రంగు వచ్చే సెట్టూ మందంలో ఒకటి కావు. మూడు కాగితాల మధ్య రెండు కార్బన్లుంటే ప్రింటర్‌కి అవి అయిదు పొరలు. మందం కొలవడం కష్టమేం కాదు, మీ షాపులోనే వెర్నియర్ కాలిపర్ ఉంటుంది. విడదీయని సెట్లు పది తీసుకుని, మడతలూ జిగురూ లేనిచోట ఒకదాని మీద ఒకటి పెట్టి, నొక్కి పట్టుకుని కొలవండి. పది సెట్లూ కలిపి 2.7 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, ఒక్క సెట్టు 0.27. ఆ అంకెను మాన్యువల్‌లో మల్టీపార్ట్ కాగితానికి ఇచ్చిన గరిష్ఠ మందంతో పోల్చండి. హద్దు లోపల ఉన్నా దాని దగ్గరకొచ్చేస్తుంటే మూడో కాపీ నల్లగా రావాలని ఏ లీవరుతోనూ బలవంతపెట్టలేం. అప్పుడు కాగితమే పల్చనిది తెప్పించుకోవాలి.

తప్పు ప్రింటర్‌దో కాగితానిదో ఇంకా తేలకపోతే బాల్‌పెన్ తీసుకోండి. అదే సెట్టు గట్టి బల్ల మీద పెట్టి, మామూలుగా నొక్కి నాలుగు అంకెలు రాయండి. మూడో కాపీలో అవి స్పష్టంగా పడితే కార్బన్ బాగుంది, చూడాల్సింది ప్రింటర్‌నే. పెన్నుతో రాసినా వెలిసే ఉంటే ప్రింటర్‌ని ముట్టుకోనక్కర్లేదు, స్టేషనరీ కట్ట మార్చండి. వేరే కట్టలోంచి, కుదిరితే వేరే ప్రెస్‌లో చేయించిన సెట్టుతో ఇదే పరీక్ష మళ్లీ చేస్తే అనుమానం పూర్తిగా తీరిపోతుంది.

విశాఖలో స్టేషనరీ విషయం కాస్త ఎక్కువే పట్టించుకోవాలి. సముద్రం గాలికి, వానాకాలంలో మరీనూ, తెరిచిపెట్టిన కట్ట తేమ పీల్చుకుంటుంది. తేమ పట్టిన కాగితం మెత్తబడి ఉబ్బుతుంది. మెత్తనిది దెబ్బను ఎక్కువ మింగుతుంది, ఉబ్బినది పొరల మధ్య గాలి నింపుతుంది. రెండూ కలిసి మూడో కాపీనే దెబ్బతీస్తాయి. కట్ట పెట్టెలోనే ఉంచి, నేల మీద కాకుండా చెక్క మీద పెట్టండి. వాడకానికి ఒక్కొక్క కట్టే తీయండి. గోదాములోంచి తెచ్చిన పెట్టెను ప్రింటర్ ఉన్న గదిలో ఒక రోజు ఉంచి వాడితే ఇంకా మంచిది.

ప్రెస్‌కి ఆర్డరిచ్చేటప్పుడు పై కాగితం మందంగా, గౌరవంగా ఉండాలని అడుగుతుంటారు. కాపీలకు అది మంచిది కాదు. పై కాగితాలు పల్చగా ఉంటే దెబ్బ కిందికి బాగా దిగుతుంది. మందం కావాలంటే అన్నిటికంటే కింది కాగితానికి ఇవ్వండి. దాని కింద ఇంకో కాపీ లేదు కాబట్టి అది దెబ్బను మింగినా నష్టం లేదు, పైగా గట్టి ఆధారమవుతుంది. జీఎస్టీ నియమాల్లో 48వ నియమం ప్రకారం సరుకు బిల్లుకు మూడు ప్రతులుండాలి: మొదటిది కొన్నవారికి, రెండోది రవాణాదారుకు, మూడోది అమ్మినవారికి. అంటే వెలసిపోతున్నది మీ దగ్గర ఉండాల్సిన ప్రతే. ప్రెస్‌వాళ్లకు చెప్పేటప్పుడు మూడో కాపీనే పరీక్షించి తీసుకుంటానని ముందే చెప్పండి.

కాగితం ప్రింటర్‌లోకి వెళ్లే తీరు కూడా ఒకసారి చూసుకోండి. కాగితం అంచు చిల్లుల్ని పళ్లతో పట్టి నడిపే ట్రాక్టర్ మీద కాగితం ఎక్కించినప్పుడు పేపర్ రిలీజ్ లీవర్ ట్రాక్టర్ గుర్తు వైపే ఉండాలి. విడి కాగితం గుర్తు వైపు ఉంటే రోలర్లు ఒక పొరని లాగుతాయి, ట్రాక్టర్ ఇంకో వేగంతో తోస్తుంది, పొరలు ఒకదాని మీద ఒకటి జరిగి మధ్యలో ఉబ్బుతాయి. రెండు ట్రాక్టర్ల మధ్య ఎడం కూడా సరిగ్గా ఉండాలి. కాగితం బిగిసి చిల్లులు సాగకూడదు, వదులై మధ్యలో పొట్ట రాకూడదు.

ఇక రిబ్బన్ మార్చే పని. రెండుసార్లు మార్చారు కాబట్టి మీకు తెలిసే ఉంటుంది, కానీ తప్పులు జరిగే చోట్లు చెబుతాను. ప్రింటర్ ఆపి ప్లగ్ తీయండి. అప్పటిదాకా బిల్లులు కొట్టి ఉంటే హెడ్ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, పది నిమిషాలు ఆగండి. లీవర్ ఇప్పుడు ఏ గీత దగ్గరుందో పెన్నుతో కవరు లోపల రాసిపెట్టుకోండి. హెడ్‌ని చేత్తో మధ్యకు జరిపి పాత క్యాట్రిడ్జ్ రెండు వైపులా పట్టుకుని పైకి తీయండి. కొత్తది తీసుకుని ముందు దాని రిబ్బన్ బిగించే పిడిని బాణం గుర్తు వైపే తిప్పండి, వెనక్కి తిప్పితే లోపల గుడ్డ చిక్కుపడుతుంది. క్యాట్రిడ్జ్ కొక్కేలు ప్రింటర్ గాడుల్లో పెట్టి రెండు వైపులా ‘టక్’మనేదాకా నొక్కాలి. ఒక వైపే కూర్చుంటే గేరు అందదు, రిబ్బన్ తిరగదు, ఒకే చోట దెబ్బలు పడి గుడ్డకు చిల్లు పడుతుంది.

తర్వాత రిబ్బన్ గైడు. గుడ్డను హెడ్ ముక్కు ముందుకు తెచ్చే సన్నటి ప్లాస్టిక్ ముక్క అది. దాన్ని హెడ్ మీది పిన్నులకు అమర్చి నొక్కాక, గుడ్డ ఎక్కడా మెలి తిరగలేదని చూసి, పిడి తిప్పి వదులు తీసేయండి. హెడ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు జరపండి. ఎక్కడా పట్టకూడదు, గుడ్డ నిటారుగా ఉండాలి. గుడ్డ మెలి పడితే రెండు పొరలు ఒకటిగా నలుగుతాయి, అక్కడ కూడా దెబ్బ కిందికి దిగదు. చివరగా లీవర్‌ని మీరు రాసుకున్న గీత దగ్గరకు తెచ్చి, పరీక్ష బిల్లు కొట్టి, మూడో కాపీ చూశాకే కవరు మూయండి.

పాత క్యాట్రిడ్జ్‌లో గుడ్డ మాత్రం మార్చి ఇచ్చే రీఫిల్లులు చవకే, కానీ గేరు అరిగిన క్యాట్రిడ్జ్‌లో కొత్త గుడ్డ సరిగా తిరగదు. ఎండిన రిబ్బన్ మీద స్టాంపు ప్యాడ్ సిరా పోయడం అసలు వద్దు. రిబ్బన్ సిరాలో పిన్నులకు జారుడు ఇచ్చే నూనె ఉంటుంది. స్టాంపు సిరా ఆరితే పిన్నులు వాటి రంధ్రాల్లోనే పట్టేస్తాయి.

లీవర్ సరైన గీత దగ్గర పెట్టినా నలుపు పేజీ అంతటా ఒకేలా రాకపోతే వేరే లెక్క. బిల్లు వెడల్పంతా ఒకే అక్షరంతో ఒక వరస కొట్టి మూడో కాపీ చూడండి. ఒక చివర నల్లగా, రెండో చివరకు వచ్చేసరికి క్రమంగా వెలిస్తే హెడ్ నడిచే ఇనుప కడ్డీ రోలరుకు సమాంతరంగా లేదని అర్థం. దాని చివర్లలో తిప్పితే కడ్డీ ముందుకూ వెనక్కూ జరిగే బుష్షులు ఉంటాయి. వాటిని సర్దడానికి ఫీలర్ గేజ్, ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోని కొలత రెండూ కావాలి. ఎడమ చివరా కుడి చివరా గేజ్ ఒకే పట్టుతో జారేదాకా తిప్పడమే పని. కొలత లేకుండా కంటి అంచనాతో తిప్పితే ఒక వైపు హెడ్ రోలరుకు ఆనుకుంటుంది. ఇది సర్వీస్ చేసేవాళ్లకే వదిలేయండి, కానీ ‘గేజ్ పెట్టి చూశారా’ అని తప్పకుండా అడగండి. నలుపు మధ్యలోనే తగ్గి చివర్లు బాగుంటే రబ్బరు రోలరు ఏళ్లతరబడి దెబ్బలకు అక్కడ గుంటపడి ఉండొచ్చు. వేలితో నిమిరితే నునుపుగా మెరిసే పట్టీలా తెలుస్తుంది. అప్పుడు మార్చాల్సింది రోలరు.

కంప్యూటర్ వైపు నుంచి కూడా కొంత సాయం ఉంటుంది. హై స్పీడ్ డ్రాఫ్ట్ పెట్టి ఉంటే ప్రింటర్ చుక్కలు ఎడంగా కొట్టుకుంటూ పోతుంది, మూడో కాపీలో అవి కలవక అక్షరం చెదిరిపోతుంది. దాన్ని తీసి మామూలు డ్రాఫ్ట్ గానీ ఎన్‌ఎల్‌క్యూ గానీ పెట్టండి. టాలీలో Neat పద్ధతి అక్షరాల్ని బొమ్మలా పంపుతుంది, సన్నటి గీతలు కింది కాపీల్లో నిలవవు. Dot Matrix పద్ధతి ఎంచుకోండి. మీది సొంతంగా రాయించుకున్న బిల్లింగ్ ప్రోగ్రాం అయితే, రాసినవాళ్లకు చెప్పి బిల్లు ముందూ వెనకా ఈ కోడ్లు పంపించండి:

```
1B 47   డబుల్ స్ట్రైక్ మొదలు
1B 48   డబుల్ స్ట్రైక్ ఆపు
```

డ్రాఫ్ట్‌లో ఉన్నప్పుడు దీంతో ప్రతి వరసనూ రెండుసార్లు కొడుతుంది, మూడో కాపీ చెప్పుకోదగ్గంత నల్లబడుతుంది. బదులుగా వేగం తగ్గుతుంది, రిబ్బన్ తొందరగా అరుగుతుంది. మొత్తం బిల్లుకు కాకుండా బిల్లు నంబరు, పార్టీ పేరు, మొత్తం సొమ్ము ఉన్న వరసలకే పెట్టించుకుంటే సరిపోతుంది.

ఇవన్నీ అయ్యాక, పెన్నుతో మూడో కాపీ బాగా పడుతూ, లీవర్ మరక పడే గీతకు ఒక్క మెట్టు పైన ఉండి, డబుల్ స్ట్రైక్ పెట్టినా మూడోది వెలిసే ఉంటే అప్పుడు హెడ్ అరిగిందనుకోవచ్చు. ఏళ్ల వాడకంలో పిన్ను మొనలు అరిగి పొట్టివవుతాయి, గ్యాప్ పెరిగినట్టే లెక్క. కానీ మార్చేముందు హెడ్ ముక్కు ఒకసారి తుడిపించండి. సిరా, కాగితం నూగు కలిసి అక్కడ గట్టిగా పేరుకుంటుంది. దారాలు ఊడని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా తడిపి, ముక్కు మీద మెల్లగా అద్ది తుడవాలి, లోపలికి పోయకూడదు. పూర్తిగా ఆరాక మీ బిల్లు సెట్టు ఎక్కించి, లీవర్ 2 దగ్గర నుంచి మళ్లీ పరీక్షించండి. హెడ్ మార్చాలన్నవాళ్లని కూడా కొత్త హెడ్ బిగించాక మీ స్టేషనరీ మీదే కొట్టి, మూడో కాపీ చూపించి డబ్బు తీసుకోమనండి.